కుచ్చిళ్లు నేలకు రాసుకుంటున్నాయంటే

"బిందె ఎత్తానబ్బాయ్. నిండు బిందె కూడా కాదు, సగమే. నడుం దగ్గర టక్కుమంది. అంతే, ఇక లేవలేకపోయాను."

రాయచూరు నుంచి లింగసుగూరు పోయే దారిలో ఉంటుంది సిరవార. మొన్నమొన్నటిదాకా మాన్వి తాలూకాలో ఉండి, ఇప్పుడు తానే తాలూకా అయింది. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి తరలివచ్చిన రైతుల క్యాంపులు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అలాంటి ఒక క్యాంపు నుంచి నా దగ్గరికి వైద్యానికి వచ్చింది ఈ పెద్దమ్మ. వయసు 68. పద్దెనిమిదేళ్లకు కోడలిగా ఈ నేల మీద అడుగుపెట్టి యాభై ఏళ్లయింది. కన్నడం తడుముకోకుండా మాట్లాడుతుంది, నొప్పి పుట్టినప్పుడు మాత్రం గోదావరి యాసే వస్తుంది.

ఆ టక్కుమనడం కన్నా ముందు జరిగిన సంగతి ఒకటుంది. అది కోడలి నోట బయటపడింది. "రెండు మూడేళ్లుగా అత్తమ్మ చీరలన్నీ పొడుగైపోయాయండీ. కుచ్చిళ్లు నేలకు రాసుకుంటున్నాయి. లంగాలన్నీ మడిచి కుట్టాను." చీర పొడుగవ్వదు. మనిషి పొట్టి అవుతుంది. వెన్నుపూస ఒకటి కుంగినా చాలామందికి పెద్ద నొప్పి తెలియదు. ఇలా కుంగిన పూసల్లో మూడింట రెండు వంతులు ఎవరి కంటా పడకుండానే పోతాయి. నడుం నొప్పి అనుకుని జండూబామ్ రాసుకుని సరిపెట్టుకుంటారు.

పాతికేళ్ల వయసులో తన ఎత్తెంతో మన ఊళ్లలో ఎవరికీ గుర్తుండదు. అయితే మన పెద్దల కొలత ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. అది బార. రెండు చేతులూ చాపితే ఈ మధ్యవేలి కొసనుంచి ఆ మధ్యవేలి కొస దాకా వచ్చే పొడవు, మనిషి వయసులో ఉన్నప్పటి ఎత్తుకు దాదాపు సమానం. వెన్ను కుంగినా బార తగ్గదు. పెద్దమ్మ బార 153 సెంటీమీటర్లు, ఎత్తు 146. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా ఎవరికైనా ఉంటుంది. ఏడంటే ఊరుకోకూడదు. తర్వాత గోడకు మడమలు, వీపు ఆనించి నిలబడమన్నాను. గడ్డం ఎత్తకుండా తల వెనకభాగం గోడకు తగలాలి. ఆమె తలకూ గోడకూ మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. ఈ రెండు పరీక్షలూ ఇంట్లోనే చేసుకోవచ్చు, టేపు ఒక్కటి చాలు.

ఎక్స్‌రేలో పన్నెండో వీపుపూస ముందువైపు మూడో వంతు కుంగి, చెక్కమేకులా కనిపించింది. వీపు వంపు ముగిసి నడుం మొదలయ్యే చోటు అది. బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి గుల్లబారిన ఎముకలు ముందుగా అక్కడే లొంగుతాయి. కానీ కుంగిన పూస కనపడగానే "ఎముకలు గుల్లబారాయి" అని రాసేయడం తొందరపాటు. మన ప్రాంతంలో వెన్నుకు క్షయ పట్టడం అరుదేమీ కాదు. ఎముక మజ్జ క్యాన్సరు కూడా ఇలాగే మొదలవుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రినొప్పి, వీపు పైభాగంలో కుంగిన పూస, వీటిలో ఏది ఉన్నా ముందు ఆ దారిలో వెతకాలి. పెద్దమ్మకు అవేమీ లేవు. రక్తపరీక్షలు కూడా ఆ అనుమానాలకు తావివ్వలేదు.

మరి ఎముక ఎందుకు గుల్లబారింది? "ముసలితనం" అనేది జవాబు కాదు. 68 ఏళ్లవాళ్లందరికీ సగం బిందెతో పూస కుంగదు కదా.

ఎముక ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. ఏటా అస్థిపంజరంలో సుమారు పదోవంతు పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటుంది. కాలువ పూడిక పనులు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తవ్వే ముఠా ఒకటి, పూడ్చే ముఠా ఒకటి. తవ్వేవి ఆస్టియోక్లాస్టులు, పూడ్చేవి ఆస్టియోబ్లాస్టులు. ఒక గుంత తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు. అదే గుంతను పూడ్చి గట్టిపరచడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ తేడాలోనే జబ్బు గుట్టంతా ఉంది. ఒకేసారి ఎక్కువ చోట్ల తవ్వకం మొదలైతే, పూడ్చే ముఠా ఎంత కష్టపడినా ఏ రోజు చూసినా గుంతలే ఎక్కువ కనిపిస్తాయి.

తవ్వే ముఠాను పిలిచే కబురు పేరు ర్యాంక్-ఎల్. ఎముక కణాలే దాన్ని పంపుతాయి. ఆ కబురు చేరకుండా దారిలో పట్టేసే కాపలా కూడా ఒకటుంది, దాని పేరు ఆస్టియోప్రోటెజరిన్. ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం కబుర్లు తక్కువ, కాపలా ఎక్కువ. ముట్లాగిన మొదటి కొన్నేళ్లలో ఈస్ట్రోజన్ పడిపోయి వెన్నెముక ఏటా రెండు మూడు శాతం దాకా పోగొట్టుకుంటుంది. పూస లోపల స్పాంజిలా అల్లుకున్న సన్నటి వాసాలుంటాయి. అవి పలచబడితే మళ్లీ లావెక్కే అవకాశం ఉంది. ఒక వాసం మధ్యలో తెగిపోతే, పూడ్చే ముఠాకు నిలబడి పనిచేసే ఆధారమే లేదు. అది పోయినట్టే. మందు త్వరగా మొదలెట్టమనేది ఇందుకే.

పెద్దమ్మకు 34వ ఏట గర్భసంచి తీశారు. తెల్లబట్ట ఎక్కువవుతోందని వెళితే, "పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది, ఉంచితే క్యాన్సరొస్తుంది" అన్నారట. అండాశయాలు కూడా తీశారు. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు, పాత కాగితంలో ఉంది. మన దేశంలో ముట్లు మామూలుగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగుతాయి. అంటే ఆమె ఎముకలు పన్నెండేళ్లు ముందుగా కాపలా పోగొట్టుకున్నాయి. ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే. మనవాళ్లు ఎక్కడికెళ్లి స్థిరపడ్డా ఈ అలవాటును వెంట తీసుకెళ్లారేమోనని నా అనుమానం.

దీనికి తోడు మోకాళ్ల నొప్పులకని నాలుగేళ్లు వాడిన పొట్లాలున్నాయి. పేరు లేని తెల్ల మాత్రలు, వేసుకున్న గంటలో నొప్పి మాయం, మొహం ఉబ్బడం, ఆకలి పెరగడం. ఇవన్నీ స్టెరాయిడ్ల గుర్తులే. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మూడు నెలలు వాడినా ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. ఈస్ట్రోజన్ లేకపోవడం తవ్వే ముఠాను పెంచితే, స్టెరాయిడ్ పూడ్చే ముఠాను పనిమాన్పిస్తుంది. పెద్దమ్మకు రెండూ కలిశాయి. ఒక హెచ్చరిక: ఇది చదివి అలాంటి మాత్రలు రేపే ఆపేయకండి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా దించాలి.

ఇప్పుడు ముప్పు లెక్క. డబ్బు ఖర్చు లేని లెక్క ఒకటుంది, ఆసియా స్త్రీల కోసమే తయారుచేసింది. బరువు కిలోల్లో వేసి, అందులోంచి వయసు తీసేసి, వచ్చినదాన్ని 0.2తో గుణించాలి. పెద్దమ్మ బరువు 44. అందులోంచి 68 తీసేస్తే మైనస్ 24, గుణిస్తే మైనస్ 4.8. మైనస్ 1 కంటే పైన ఉంటే ముప్పు తక్కువ. మైనస్ 4 కంటే కిందికి పోతే చాలా ఎక్కువ. ఎవరికి ముందు స్కాన్ చేయించాలో చెప్పేందుకే ఈ లెక్క. జబ్బుందని తేల్చేందుకు కాదు.

దీనికంటే పెద్ద లెక్క ఫ్రాక్స్. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో విడుదల చేశారు. వయసు, బరువు, ఎత్తు, ముందెప్పుడైనా ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, స్టెరాయిడ్లు, కీళ్లవాతం, పొగ, మందు, ఇవన్నీ నింపితే రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఇంత శాతం అని చెబుతుంది. మంచిదే, కానీ దానికి కొన్ని గుడ్డిచోట్లు ఉన్నాయి. ఎన్నిసార్లు కింద పడ్డారో అడగదు. ఒక పూస కుంగినా మూడు కుంగినా దానికి ఒకటే. మధుమేహానికి అందులో విడిగా గడి లేదు. నా వరకు పెద్దమ్మ విషయంలో ఫ్రాక్స్ తెరవాల్సిన అవసరమే లేదు. చిన్నపాటి శ్రమకు పూస కుంగినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఏడాది తిరగకుండా మరో పూస కుంగుతుంది. విరిగిన ఎముకే తీర్పు చెప్పేసింది, శాతాలు వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

అయినా డెక్సా స్కాన్ చేయించాను. మందు పనిచేస్తోందో లేదో తర్వాత పోల్చి చూడ్డానికి ఒక మొదటి అంకె కావాలి కదా. కొడుకు హైదరాబాదు తీసుకెళ్లి చేయించుకొచ్చాడు. రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. "వెన్నెముక బాగానే ఉందన్నారండీ!" వెన్ను టీ-స్కోరు మైనస్ 0.9. ఈ టీ-స్కోరు వయసులో ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోలిక. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5, అంతకంటే కింద ఉంటే గుల్లబారినట్టు. మరి పూస కుంగిన వెన్నుకు మంచి మార్కులెలా వచ్చాయి?

ఇక్కడే మన నేల గురించి చెప్పాలి. స్కాన్ ఎముక బలాన్ని కొలవదు. ఆ దారిలో కిరణాన్ని అడ్డుకునే ఖనిజం ఎంతుందో కొలుస్తుంది. అరిగిన వెన్నుకు పక్కల మొలిచే ముళ్లు, వెన్నుకు ముందున్న పెద్ద రక్తనాళం గోడలో పేరుకున్న సున్నం, కుంగి దట్టమైన పూస, అన్నీ "ఎముక"గానే లెక్కలోకొస్తాయి. రాయచూరు జిల్లాలో అన్నిటికంటే గడుసుది మరొకటి ఉంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడు. కాలువ చివరి ఆయకట్టు కాబట్టి కాలువ పారనన్ని నెలలూ తాగడానికి బోరే దిక్కు. ఫ్లోరైడు ఎముకలో చేరి దాన్ని దట్టంగా చేస్తుంది, దట్టంగా ఉన్నంత మాత్రాన గట్టిగా ఉండదు.

ఇది తెలుగునేలకు పాత కథే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో నమోదు చేసింది పొదిలి, దర్శి ప్రాంతంలో. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. వంగని వెన్నులతో ఎద్దులూ మనుషులూ కనిపించారక్కడ. అయినా ఇదే ఫ్లోరైడును డాక్టర్లు ఒకప్పుడు ఎముకల మందుగా ఇచ్చారంటే నమ్మబుద్ధి కాదు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 202 మంది స్త్రీల మీద చేసిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. సగంమందికి నాలుగేళ్లు రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు ఇచ్చారు. వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. స్కాన్లు చూసినవాళ్లు పండగ చేసుకోవాలి. కానీ వెన్నుపూసలు కుంగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చేతులు, కాళ్లు, తుంటి లాంటి చోట్ల విరగడాలైతే మందు తీసుకోనివాళ్లలో 24 ఉంటే, తీసుకున్నవాళ్లలో 72. ముంజేతి ఎముక సాంద్రత తగ్గింది కూడా. అంకె పెరగడం వేరు, ఎముక నిలబడడం వేరు అని నాకు నేర్పింది ఆ పరీక్షే.

ఫ్లోరైడు అనగానే అందరూ పళ్లు చూస్తారు. పెద్దమ్మ పళ్ల మీద పసుపు చారలు లేవు. కానీ ఆ చారలు పళ్లు తయారయ్యే చిన్నతనంలో ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తాయి. ఆమె చిన్నతనం గోదావరి నీళ్లలో గడిచింది. అందుకే క్యాంపుల్లో అత్త పళ్లు తెల్లగా, ఇక్కడే పుట్టిన కొడుకు పళ్లు చారలుగా ఉండడం మామూలే. కాబట్టి రెండు పనులు చేశాం. నీళ్లు పరీక్షకు పంపాం, లీటరుకు 2.4 మిల్లీగ్రాములు వచ్చింది. మన ప్రమాణం 1, మరో దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. తర్వాత ముంజేతి ఎక్స్‌రే. ముంజేతిలోని రెండు ఎముకలను కలిపే పొరమీద సున్నపు గీతలు కనిపిస్తే ఫ్లోరోసిస్ ముదిరినట్టు. ఆమెకు అవి లేవు. అయినా వెన్ను అంకెను పక్కన పెట్టి తుంటినీ ముంజేతినీ చూశాం. తుంటి మెడ మైనస్ 2.6. ముంజేయి మైనస్ 3.1. అసలు జవాబు రిపోర్టు రెండో కాగితంలో ఉంది, దాన్ని ఎవరూ తిప్పి చూడలేదు.

నీళ్లు మార్చడం మొదటి మందు. వడపోసిన నీళ్లో, కాలువతో నింపిన చెరువు నీళ్లో తాగమన్నాను. "కాచి తాగుతామండీ" అంది కోడలు. కాస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కనవుతుంది.

రెండోది తిండి. అన్నంలో క్యాల్షియం దాదాపు లేనట్టే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం పేద స్త్రీల ఎముకల మీద చేసి 2005లో అచ్చువేసిన పరిశీలనలో, వాళ్లకు తిండిలో అందుతున్న క్యాల్షియం సగటున రోజుకు 300 మిల్లీగ్రాములైనా లేదు. ముట్లాగిన స్త్రీకి 1200 కావాలి. పెద్దమ్మ ఇంట్లో రెండు గేదెలున్నాయి. పాలన్నీ డెయిరీ క్యానులోకి పోతాయి, ఆమెకు మిగిలేది టీ నీళ్లు. పూటకో గ్లాసు పాలో మజ్జిగో, వారంలో నాలుగు రోజులు రాగి ముద్ద అన్నాను. ఎండలో పనిచేసేవాళ్లకు విటమిన్ డి లోటుండదనుకోవడం పొరపాటు. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం ఊళ్లలో పొలం పని చేసేవాళ్లలో కూడా ఆ లోటు చూసింది. పెద్దమ్మకు 11 ఉంది, కనీసం 20 ఉండాలి. అరవై వేల యూనిట్ల పొడి వారానికొకటి, ఎనిమిది వారాలు పాలతో ఇచ్చాం. క్యాల్షియం మాత్ర అన్నంతోపాటే వేసుకోమన్నాను. ఇవి పునాది మాత్రమే. ఒకసారి విరిగిన ఎముకను ఈ రెండే కాపాడలేవు.

అసలు మందులు రెండు జాతులు. తవ్వే ముఠాను ఆపేవి, పూడ్చే ముఠాను పెంచేవి.

మొదటి జాతిలో పెద్దన్న బిస్‌ఫాస్ఫొనేట్లు. వీటి పుట్టుక మన బోరు నీళ్లవాళ్లకు నచ్చుతుంది. పైపుల్లో తెల్లటి పొలుసు కట్టకుండా కలిపే రసాయనాల కుటుంబం ఇది. సున్నపు పలుకులకు అంటుకునే ఆ గుణమే ఎముకలో పనికొచ్చింది. మందు ఎముకకు అంటుకుని ఉంటుంది. తవ్వే కణం ఎముకను కరిగించి మింగినప్పుడు మందు కూడా లోపలికి పోయి దాన్ని చంపుతుంది. అలెండ్రొనేట్ వారానికొకసారి 70 మిల్లీగ్రాముల మాత్ర. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా, ఇంకేమీ తినకుండా తాగకుండా ఉండాలి. టీతో వేసుకుంటే ఒంటబట్టదు. వేసుకుని నడుం వాలిస్తే అన్నవాహిక పుండవుతుంది. "మాత్ర పడలేదండీ" అని వచ్చేవాళ్లలో చాలామంది టీతోనో, మంచం మీదో వేసుకున్నవాళ్లే. ఇదే జాతిలో జోలెడ్రోనిక్ ఆమ్లం ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. 2007లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఇది మూడేళ్లలో పూసలు కుంగడాన్ని 70 శాతం, తుంటి విరగడాన్ని 41 శాతం తగ్గించింది.

రెండోది డెనోసుమాబ్. ఆరునెలలకొక సూది, చర్మం కింద. ర్యాంక్-ఎల్ కబురునే దారిలో పట్టేస్తుంది. బలమైన మందు, కిడ్నీ బలహీనంగా ఉన్నా ఇవ్వొచ్చు, అయితే అప్పుడు రక్తంలో క్యాల్షియం పడిపోకుండా చూసుకోవాలి. కానీ ఇది ఎముకకు అంటుకుని ఉండదు. సూది మానేస్తే, ఆగిన తవ్వకం అంతా ఒక్కసారి గేట్లెత్తినట్టు మొదలవుతుంది. ఏడో నెల దాటాక ఒకటి కాదు, నాలుగైదు పూసలు వరసగా కుంగినవాళ్లను చూశాం. ఆపాలనుకుంటే దాని స్థానంలో బిస్‌ఫాస్ఫొనేట్ ఇవ్వాలి తప్ప ఊరికే వదిలేయకూడదు. ఈ మాట రోగికి చెప్పకుండా మొదటి సూది వేయడం నా దృష్టిలో తప్పు.

పూడ్చే ముఠాను పెంచేది టెరిపారటైడ్. రోజూ 20 మైక్రోగ్రాముల సూది, ఇన్సులిన్ పెన్నులాంటిదే, ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండేళ్లకు మించకూడదు. ఖరీదూ ఎక్కువే. రెండు మూడు పూసలు కుంగినవాళ్లకు మొదట ఇది ఇచ్చి తర్వాత బిస్‌ఫాస్ఫొనేట్‌తో ఆ లాభం నిలబెట్టడం మంచి వరస. రోమోసోజుమాబ్ అనే కొత్త మందు నెలకొకసారి, ఏడాదిపాటు. అది పూడ్చడం పెంచుతూ తవ్వడం తగ్గిస్తుంది. ఏడాదిలోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు వద్దు. రలాక్సిఫీన్ వెన్నుపూసల్ని కాస్త కాస్తుంది కానీ తుంటిని కాయదు, రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది. దాని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

పెద్దమ్మకు ఏది? కొడుకు డెనోసుమాబ్ అడిగాడు, ఎవరో గట్టిగా చెప్పారట. "నవంబరు, డిసెంబరుల్లో కోతలప్పుడు ఈమెను తీసుకొస్తావా?" అన్నాను. తల గోక్కున్నాడు. ఏటికొకటి ఎక్కించే మందు రెండు నెలలు ఆలస్యమైనా కొంప మునగదు. ఆరునెలల సూది రెండు నెలలు ఆలస్యమైతే మునుగుతుంది. బస్సులు, కోతలు, పెళ్లిళ్లు చూసి మందు ఎంచుకోవడం వైద్యశాస్త్రం కాదనేవాళ్లుంటారు. నేను మాత్రం అదీ వైద్యమే అంటాను.

జోలెడ్రోనిక్‌కు ముందు మూడు తలుపులు తట్టాలి. విటమిన్ డి సరిపడా ఉందా, లేకపోతే క్యాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. పళ్లు, ఎందుకంటే ఈ మందులు వాడేటప్పుడు పన్ను పీకితే చాలా అరుదుగా దవడ ఎముక మానదు. ఆమెకు ఊగే దంతమొకటుంది. ముందు పీకించి, పుండు మానేదాకా ఆగాం. మూడోది కిడ్నీ. క్రియాటినిన్ 0.9 అని, పక్కన "నార్మల్" అని ఉంది. అక్కడితో ఆగకూడదు. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించి, ఆడవాళ్లయితే 0.85తో గుణిస్తే కిడ్నీ వడపోత తెలుస్తుంది. పెద్దమ్మకు 140లోంచి 68 తీస్తే 72, పైనా కిందా 72 కొట్టుకుపోతే 44ను 0.9తో భాగించడమే మిగిలింది. 0.85తో గుణిస్తే 41.6. మందుకు కనీసం 35 ఉండాలి. అదే క్రియాటినిన్ 1.1 ఉంటే 34 వచ్చేది, మందు ఇవ్వకూడదు. రిపోర్టులో రెండూ "నార్మల్" అనే ఉంటాయి. సన్నటి మనుషుల్లో క్రియాటినిన్ ఇలాగే మోసం చేస్తుంది.

ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించి, అరగంటకు పైగా మెల్లగా ఎక్కించాం. రాత్రికి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయని, పారాసెటమాల్ వేసుకోమని, మర్నాడు తగ్గుతుందని ముందే చెప్పాను. చెప్పకపోతే "మందు విషమైంది" అని రెండో ఏడాది రారు. మరొకటి కూడా చెప్పాను. కొన్నేళ్లు వాడాక తొడ మధ్యలో కారణం లేని మొద్దునొప్పి వస్తే వెంటనే చూపించాలి. ఎక్కువకాలం వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా చిట్లుతుంది, దానికి ముందు వచ్చే కబురు ఆ నొప్పే. అందుకే మూడేళ్లయ్యాక ఆగి, ఆపాలా కొనసాగించాలా అని మళ్లీ చూస్తాం. ఆ లోపల నీళ్ల బిందె కోడలు తెస్తుంది, తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లే దారిలో లైటు పడింది, కంటి శుక్లం తీయించారు. పడకపోతే విరగదు కదా.

రెండో ఏడాది పెద్దమ్మ వచ్చింది. ఎత్తు కొలిస్తే 146. తగ్గలేదు. తుంటి అంకె మైనస్ 2.4. ఆ చిన్న తేడాను నేను లెక్కలోకి తీసుకోను, స్కాన్ల మధ్య అంతపాటి తేడా మామూలే. ఎత్తు నిలిచింది, కొత్త నొప్పి లేదు, అదే నాకు చాలు.

లేచి వెళ్లబోతూ కోడలు ఆగింది. ఆమెకు 33. నెలసరి ఎక్కువవుతోందని చూపించుకుంటే గర్భసంచి తీసేద్దామన్నారట, తేదీ కూడా ఇచ్చారట. నేను మాట్లాడేలోపే పెద్దమ్మ తిరిగి కుర్చీలో కూర్చుంది.

"అండాశయాలు కూడా తీస్తామన్నారా అమ్మాయ్? కాగితం ఏదీ, అబ్బాయికి చూపించు."